రొట్టె విరిచే ముందు: ప్రభువు బల్ల ధ్యానాన్ని సిద్ధపరచే విధానం

ప్రభువు బల్ల ఉన్న ఆదివారం, రొట్టెను పాత్రను అందించే ముందు సంఘంతో ఏడెనిమిది నిమిషాలు మాట్లాడే పని మీకు అప్పగించారనుకుందాం. ఈ మార్గదర్శి ఆ కొద్ది నిమిషాల గురించే. అందులోనూ ముఖ్యంగా, వినేవారిని నిజాయితీగల స్వపరీక్షకు నడిపించి, ఆ పరీక్షలోనే వారిని వదిలేయకుండా బల్ల దగ్గరికి చేర్చడం ఎలాగన్నదే ఇక్కడి విషయం. దీనికి ఆధారం 1 కొరింథీయులకు 11వ అధ్యాయం, 17 నుండి 34 వరకు ఉన్న వచనాలు.

చాలా ఏళ్ల క్రితం నాకు మొదటిసారి ఈ పని అప్పగించినప్పుడు, నేను 27వ వచనంలోని "అయోగ్యముగా" అన్న ఒక్క మాట పట్టుకుని, మీలో ఎవరి హృదయంలోనైనా పాపం ఉంటే ఈ బల్ల ముట్టవద్దని గట్టిగా చెప్పాను. పళ్లెం మూడో వరుసకు చేరింది. ఎవరిమీదా ఒక్క మాట తూలడం నేనెన్నడూ వినని ఒక వృద్ధురాలు ఆ పళ్లేన్ని రెండు చేతులా అందుకుని, రొట్టె ముక్కల వైపు కాసేపు చూసి, ఏమీ తీసుకోకుండానే పక్కవారికి అందించారు. ఆమె వెనక వరుసలో, నెలల తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు అన్నదమ్ములు మాత్రం ఏ తడబాటూ లేకుండా తీసుకున్నారు. నా హెచ్చరిక తగలవలసినవారిని దాటిపోయి, సున్నితమైన మనస్సాక్షి ఉన్న ఒక్కరికే తగిలింది. ఆ రోజు మాట్లాడే తీరులోనే కాదు, వాక్యాన్ని చదివిన తీరులోనే పొరపాటు ఉందని తరువాత తెలుసుకున్నాను. అందుకే మొదటి మెట్టు చదవడంతోనే మొదలవుతుంది.

మొదటి మెట్టు: పదిహేడో వచనం నుండి చదవడం

బల్ల దగ్గర మనం సాధారణంగా 23వ వచనం నుండి చదువుతాము. "నేను మీకు అప్పగించిన దానిని ప్రభువువలన పొందితిని" అనే ఆ మాటలు గంభీరమైనవే. సువార్తల కంటే ముందుగా వ్రాయబడినందువల్ల, ప్రభువు ఆ రాత్రి పలికిన మాటలకు మనకున్న అతి పాత లిఖిత సాక్ష్యం కూడా ఇదే. అయితే పౌలు ఈ మాటలను ఆరాధన క్రమం నేర్పడానికి వ్రాయలేదు. ఒక తగాదాను సరిదిద్దడానికి వ్రాశాడు. ఆ తగాదా 17వ వచనం నుండి 22 వరకు ఉంది. దాన్ని వదిలి చదివితే, 27వ వచనంలోని హెచ్చరిక దేని గురించో తెలియక, మనకు తోచిన పాపాల జాబితాను అందులోకి చొప్పిస్తాము.

క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు ఎఫెసులో ఉండి ఈ పత్రిక వ్రాశాడు. అప్పటికి కొరింథు విశ్వాసులు ఇళ్లలో కూడుకునేవారు, ప్రభువు భోజనం నిజంగానే ఒక పూట భోజనంతో కలిసి ఉండేది. ఆ కాలపు సంపన్నుల ఇంట్లో భోజనశాల అంటే మూడు పక్కల ఆనుకుని కూర్చునే బల్లలు, వాటి మీద దాదాపు తొమ్మిది మందికి చోటు. సంఘమంతా ఆ గదిలో పట్టదు కనుక, ఇంటి యజమాని స్నేహితులు లోపల, మిగిలినవారు బయటి ముంగిట్లో ఉండేవారని పలువురు పండితులు ఊహిస్తారు. గదుల సంగతి ఊహే అయినా, వచనం చెప్పేది స్పష్టం: ఒకనికంటె ఒకడు ముందుగా తనమట్టుకు తాను తింటున్నాడు, ఒకడు ఆకలిగొంటున్నాడు, మరొకడు మత్తుడవుతున్నాడు, ఏమీ లేనివారు సిగ్గుపడవలసి వస్తోంది. రొట్టె విరవడం జరుగుతూనే ఉంది. అయినా ఇది "ప్రభువు రాత్రి భోజనము" కానేకాదని పౌలు తేల్చేశాడు.

ధ్యానం సిద్ధపరచే వారం మొదట్లోనే ఈ పద్దెనిమిది వచనాలను పైకి, నెమ్మదిగా, రెండు మూడు రోజులు చదవండి. చదువుతూ, పౌలు ఎవరి పక్షాన కోపపడుతున్నాడో గమనించండి. అతని కోపం లోలోపల ఏదో చెడు తలంపు వచ్చి బాధపడుతున్న విశ్వాసి మీద కాదు, సోదరుని ఆకలి కళ్లెదుట ఉన్నా తింటూ పోతున్నవాని మీద.

రెండో మెట్టు: మూడు మాటలను సరిగా తూచడం

ఈ భాగంలో మూడు మాటల అర్థం తప్పితే ధ్యానమంతా తప్పుతుంది.

మొదటిది "అయోగ్యముగా". ఇది తినేవాని గురించి చెప్పే మాట కాదు, తినే తీరు గురించి చెప్పే మాట. గ్రీకులోనూ ఇది క్రియా విశేషణమే, తెలుగు అనువాదం కూడా "అయోగ్యుడై" అనకుండా "అయోగ్యముగా" అని ఆ తేడాను చక్కగా నిలుపుకుంది. అయినా చెవికి మాత్రం "అయోగ్యుడు" అనే వినబడుతుంది. యోగ్యులే రావాలంటే బల్ల దగ్గరికి ఎవరూ రాలేరు, యోగ్యుడననుకుని వచ్చేవాడైతే అసలు రాకూడదు. 1563 నాటి హైడల్బర్గ్ ప్రశ్నోత్తరి ఈ బల్లకు రావలసినవారెవరని అడిగి, తమ పాపాల విషయమై తమపైనే అసహ్యం కలిగినా, క్రీస్తును బట్టి అవి క్షమించబడ్డాయని నమ్మేవారని జవాబిస్తుంది. "అయోగ్యుడు", "అయోగ్యముగా" అన్న తేడాను మీ ధ్యానంలో ఒక్క వాక్యంలోనైనా చెప్పి తీరాలి. ఆ వృద్ధురాలికి నేను చెప్పకుండా వదిలేసిన వాక్యం అదే.

రెండోది "పరీక్షించుకొనవలెను". ఇదే క్రియను థెస్సలొనీకయులకు వ్రాసినప్పుడు, సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుమని పౌలు వాడాడు. పేతురు అగ్నిపరీక్షకు నిలిచే బంగారం గురించి చెప్పేటప్పుడూ ఇదే మాట వాడాడు. అంటే ఇది అసలుదని తేల్చుకోవడానికి చేసే పరీక్ష, పారేయడానికి సాకు వెదికే పరీక్ష కాదు. 28వ వచనం నడక చూడండి: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని మానుకోవాలని పౌలు అనలేదు. "ఆలాగుచేసి" అన్న మాట మీద నేను ఇప్పుడు ఎప్పుడూ ఒక్క క్షణం ఆగుతాను. మొత్తం ధ్యానం తిరిగే ఇరుసు అదే.

మూడోది "వివేచింపక". 29వ వచనంలో మన అనువాదం "ప్రభువు శరీరమని వివేచింపక" అంటుంది, పాత ప్రతులలో కొన్నింట "శరీరము" అని మాత్రమే ఉంది. సిలువమీద అప్పగించబడిన ప్రభువు శరీరాన్ని గుర్తించకపోవడమే ఇక్కడి తప్పు అని కొందరు చదువుతారు. క్రీస్తు శరీరమైన సంఘాన్ని, అంటే పక్కనున్న సోదరుణ్ణి గుర్తించకపోవడమని మరికొందరు చదువుతారు. దీనికి ముందటి అధ్యాయంలోనే "మనమందరము ఆ యొకటే రొట్టెలో పాలుపుచ్చుకొనుచున్నాము, రొట్టె యొక్కటే గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము" అని పౌలు రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పాడు కనుక, బల్ల దగ్గర ఆ రెంటినీ విడదీయవలసిన అవసరం నాకు కనబడదు. క్రీస్తు శరీరం ఎవరి కోసం విరువబడిందో ఆ మనిషిని చిన్నచూపు చూస్తూ ఆ శరీరాన్ని గౌరవించానని చెప్పుకోవడం ఎవరికీ కుదరదు. ఈ రెండు వ్యాఖ్యానాల చర్చను మాత్రం ధ్యానంలోకి తేకండి. అది మీ సిద్ధపాటు, వారి భోజనం కాదు.

మూడో మెట్టు: వారం ముందే చెప్పడం

చాలామంది వదిలేసే మెట్టు ఇది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టి, సోదరునికి మనమీద ఏదో విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచి వెళ్లి మొదట సమాధానపడమని ప్రభువు మత్తయి 5లో చెప్పాడు. రెండో శతాబ్దపు తొలినాళ్లకే వాడుకలో ఉన్న డిడాకె అనే సంఘ క్రమ గ్రంథం కూడా, తోటివానితో తగవున్నవాడు సమాధానపడేవరకు కూడికలో చేరకూడదని, రొట్టె విరిచే ముందు అతిక్రమాలను ఒప్పుకోవాలని చెబుతుంది. వెళ్లి సమాధానపడాలంటే సమయం కావాలి. పళ్లేలు కదిలే రెండు నిమిషాల ముందు ఆ సంగతి గుర్తుచేస్తే, వినేవానికి చేయడానికి ఏమీ మిగలదు. అపరాధ భావంతో తినాలి, లేకపోతే అందరూ చూస్తుండగా మానుకోవాలి.

కనుక ముందటి ఆదివారం ప్రకటనలలో రెండు వాక్యాలు చాలు: "వచ్చే ఆదివారం ప్రభువు బల్ల. ఈ వారంలో మీరు వెళ్లి కలవవలసినవారు, ఫోను చేయవలసినవారు, తిరిగి చెల్లించవలసిన బాకీ ఉంటే ఆ పని ముగించుకుని రండి." నిర్దిష్టంగా చెబితేనే మనిషి మనస్సులోకి ఒక పేరు వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఇంట్లో హింసకు గురైనవారు, మోసపోయినవారు మీ ముందు కూర్చుని ఉంటారు. సమాధానపడకుండా రావద్దని చెబితే, గాయపడినవారే గాయపరచినవారి గడప తొక్కాలని అర్థమవుతుంది. మత్తయి 5లోని మాట తప్పు చేసినవానితో చెప్పినది. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని" అని అక్కడుంది. నష్టపోయినవారికి రోమా 12:18 చాలు: "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు." ఆ "శక్యమైతే" అన్న మాటను పైకి పలకండి.

నాలుగో మెట్టు: ప్రశ్నలను వ్రాసుకోవడం

స్వపరీక్ష అనగానే మాట్లాడేవారు పాపాల పట్టిక చదవడం మొదలుపెడతారు. పట్టిక పొడవయ్యేకొద్దీ ప్రతివాడూ తనకు తగలని వాటిని లెక్కపెట్టుకుని తేలికపడతాడు. మూడు ప్రశ్నలకు మించకండి, అవి మీరు ఎంచుకున్న వాక్యభాగంలో నుండే రావాలి. 1 కొరింథీ 11 మీద నేను వాడేవి ఇవి. ఈ గదిలో నేను తప్పించుకు తిరుగుతున్న మనిషి ఎవరైనా ఉన్నారా? నాకున్న దానివల్ల ఎవరైనా సిగ్గుపడేలా నేను ప్రవర్తించానా? ఒప్పుకోవడం మాని, నాకు నేనే నచ్చజెప్పుకుంటున్న విషయం ఏదైనా ఉందా?

ప్రతి ప్రశ్నా "నేను" అని ఉత్తమ పురుషలో ఉండడం చూడండి. చివరి రాత్రి, మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని ప్రభువు చెప్పినప్పుడు శిష్యులు యూదా వైపు వేలు చూపించలేదు. ప్రతివాడూ "ప్రభువా, నేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఉత్తమ పురుషే సరైన పురుష. "మీలో కొందరు" అని మీరు మొదలుపెట్టిన క్షణంలోనే తలలు పక్కకు తిరుగుతాయి, ఆ కొందరెవరో అందరికీ తెలిసిపోతుంది.

సంఘంలో ఇప్పుడు నడుస్తున్న ఒక గొడవను మనస్సులో పెట్టుకుని ప్రశ్న తయారుచేస్తే, ఎంత మరుగుపరచినా అది బయటపడుతుంది. ఆ విషయం నలుగురిలో తేల్చవలసినదైతే పెద్దల దగ్గర తేల్చండి. బల్లను వాదనకు వేదిక చేయకండి. అలాగే, 30వ వచనంలో బలహీనులు, రోగులు, నిద్రించినవారి ప్రస్తావన ఉంది. జబ్బుతో ఉన్నవారు వింటుండగా వ్యాఖ్యానం లేకుండా ఆ వచనం చదివి వదిలేస్తే, నా జబ్బుకు కారణం ఇదేనా అని ఇంటికి వెళ్లి కుమిలిపోతారు. చదివితే 32వ వచనం వరకు చదవాలి. అక్కడ ఆ శిక్ష తన పిల్లలు లోకంతోపాటు శిక్షావిధి పొందకూడదని ప్రభువు చేసే దిద్దుబాటని ఉంది. అంత సమయం లేకపోతే 30వ వచనాన్ని ఆ రోజుకు ముట్టుకోకపోవడమే మంచిది.

అయిదో మెట్టు: మౌనానికి చోటు చూడడం

రొట్టె ముక్క, చిన్న గ్లాసు చేతుల్లోకి వచ్చాక మౌనంగా పరీక్షించుకోమని చెప్పడం పరిపాటి. ఒకసారి వెనక వరుసలో కూర్చుని చూడండి. గ్లాసు నిండుగా ఉంటుంది, ఒళ్లో బిడ్డ ఉంటుంది, పక్కవారి మోచేయి తగులుతుంది. మనిషి కళ్లు, మనస్సు అన్నీ ఆ గ్లాసు అంచు మీదే ఉంటాయి. ఆ నిమిషంలో ఎవరూ తమను తాము పరీక్షించుకోరు, ఒలకకుండా చూసుకుంటారు. మౌనం పళ్లేలు కదలక ముందే రావాలి, అప్పుడు చేతులు ఖాళీగా ఉంటాయి.

ఎంతసేపు? అలవాటు లేని సంఘానికి ఒక నిమిషం చాలా పొడవుగా అనిపిస్తుంది, మాట్లాడేవారికి ఇంకా పొడవుగా అనిపిస్తుంది. ఇరవై సెకన్లకే కంగారుపడి ప్రార్థన మొదలుపెట్టేస్తాము. గడియారం ఎదురుగా పెట్టుకుని అరవై నుండి తొంభై సెకన్లు ఆగండి. వాద్యం వాయించేవారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నిశ్శబ్దం రాగానే ఏదో లోపం జరిగిందనుకుని వారు మెల్లగా రాగం ఎత్తుకుంటారు. మౌనం ఎంతసేపు ఉంటుందో, దేనితో ముగుస్తుందో సంఘానికి చెబితే ఎవరూ కళ్లు తెరిచి చూడరు.

ఎవరు పాలుపొందవచ్చన్నది మీ సంఘ క్రమం నిర్ణయిస్తుంది, ధ్యానం చెప్పేవారు కాదు. బాప్తిస్మం పొందినవారికేనా, పిల్లల సంగతేమిటి, క్రమశిక్షణలో ఉన్నవారి సంగతేమిటి అన్నవాటికి ఆహ్వాన వాక్యాన్ని సంఘకాపరితో కలిసి ముందే వ్రాసుకుని, ఆ వాక్యాన్నే చదవండి. అప్పటికప్పుడు అల్లిన ఆహ్వానమే ఎక్కువ గాయాలు చేస్తుంది.

ఒక ధ్యానం, మొదటి నుండి చివరి వరకు

పై మెట్లన్నీ కలిస్తే ఎలా ఉంటుందో చూపడానికి, నేను వ్రాసుకున్న ఒక ధ్యానాన్ని ఇక్కడ ఉంచుతున్నాను. 1 కొరింథీ 11:20–29, 33 చదివిన తరువాత ఇది మొదలవుతుంది.

"సహోదరీ సహోదరులారా, కొరింథులో ఒక సాయంకాలాన్ని ఊహించుకుందాం. విశ్వాసులు ఒక పెద్ద ఇంట్లో కూడుకున్నారు. ముందు వచ్చినవారు భోజనానికి కూర్చున్నారు, తమతో తెచ్చుకున్నది తిన్నారు. చీకటి పడ్డాక ఒక కూలివాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని చేతిలో ఏమీ లేదు. లోపల పాత్రలలోనూ ఏమీ మిగలలేదు. అతణ్ణి ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు. అతణ్ణి ఎవరూ చూడలేదు, అంతే. ఆ తరువాత అందరూ లేచి ప్రభువు పేరట రొట్టె విరిచారు.

పౌలు ఆ రొట్టెను చూసి, ఇది ప్రభువు భోజనం కాదన్నాడు. రొట్టె మంచిదే, పలికిన మాటలు సరైనవే. గుమ్మంలో ఒకడు ఆకలితో ఉన్నాడు.

ఇందుకే పౌలు 'అయోగ్యముగా' అన్న మాట వాడాడు. అయోగ్యులు రాకూడదని అతడు అనలేదు. అలా అని ఉంటే నేను ఇక్కడ నిలబడలేను, మీరు అక్కడ కూర్చోలేరు. తన పాపం తెలిసి, దాన్ని దాచుకోలేక, క్రీస్తు తప్ప వేరే దిక్కు లేదని వచ్చేవారి కోసమే ఈ బల్ల వేయబడింది. అయోగ్యంగా తినడం అంటే, పాపాన్ని పట్టుకునే ఉండి, పక్కనున్నవానిని చూడకుండానే ఉండి, ఏమీ కానట్టు చెయ్యి చాపడం.

ఇప్పుడు పౌలు అడిగినట్టే మనల్ని మనం పరీక్షించుకుందాం. నేను మూడు ప్రశ్నలు అడుగుతాను, మొదట నన్ను నేనే అడుగుకుంటున్నాను. ఈ గదిలో నేను తప్పించుకు తిరుగుతున్న మనిషి ఎవరైనా ఉన్నారా? నాకున్న దానివల్ల, నా మాటవల్ల, ఎవరైనా సిగ్గుపడి తల దించుకున్నారా? దేవుని ముందు ఒప్పుకోకుండా, నాకు నేనే నచ్చజెప్పుకుంటున్న సంగతి ఏదైనా ఉందా? ఒకటిన్నర నిమిషం మౌనంగా ఉందాం. తరువాత నేను ఒక కీర్తన వచనం చదువుతాను."

ఇక్కడ తొంభై సెకన్లు. ఆ తరువాత 139వ కీర్తన 23, 24 వచనాలు: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." ఆ వచనాలకు వ్యాఖ్యానం ఏమీ అక్కరలేదు.

"ప్రభువు ఆ రాత్రి రొట్టెను ఎత్తుకున్నప్పుడు బల్ల చుట్టూ ఎవరున్నారో తలచుకోండి. అప్పగించబోయేవాని చెయ్యి ఆయనతో కూడ ఆ బల్ల మీద ఉందని లూకా వ్రాశాడు. తెల్లవారేలోగా నేనెరుగనని మూడుసార్లు చెప్పబోయేవాడు అక్కడే ఉన్నాడు. పారిపోబోయేవారు అక్కడే ఉన్నారు. ఆయనకు అంతా తెలుసు. తెలిసే, కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, రొట్టె విరిచి, ఇది మీకొరకైన నా శరీరము అన్నాడు.

ఈ మౌనంలో మీ మనస్సులోకి ఒక పేరు వచ్చి ఉంటే, ఆ పేరును ప్రభువుకు అప్పగించండి, ఆరాధన ముగిశాక మీవల్ల శక్యమైనది చేయండి. ఒక పాపం గుర్తొచ్చి ఉంటే దాన్ని పాపమనే పిలవండి, ఆయన రక్తం దాన్ని కూడా కడుగుతుందని నమ్మండి. విడవనని నిశ్చయించుకుని కూర్చున్నవారు ఎవరైనా ఉంటే, ఈ రోజు పళ్లెం మీ ముందు నుండి వెళ్లనివ్వండి, వెళ్లేముందు మాతో మాట్లాడండి. మేము మిమ్మల్ని వెళ్లగొట్టడం లేదు, ఎదురుచూస్తున్నాము. తక్కిన మనమందరం, పౌలు చెప్పినట్టు 'ఆలాగుచేసి' రొట్టెను తిందాము. ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకుని ఉండమన్నాడు గనుక, రొట్టె చివరి వరుసకు చేరేవరకు ఆగి, అందరం ఒక్కసారే తిందాము."

ఈ ధ్యానం ఎందుకు ఇలా ఉంది, ఎక్కడ చెడిపోతుంది

పైకి చదివితే ఇది దాదాపు ఆరు నిమిషాలు, మౌనంతో ఏడున్నర. కాగితం మీద చిన్నదిగా కనబడి, ఇంకో దృష్టాంతం చేర్చాలనిపిస్తుంది. చేర్చకండి. సంఘం అప్పటికే ఒక ప్రసంగం విన్నది. పది నిమిషాలు దాటితే అది రెండో ప్రసంగమవుతుంది, మనుషులు బల్ల వైపు చూడడం మాని గడియారం వైపు చూస్తారు.

హెచ్చరిక ఎక్కడుందో గమనించండి. అది మౌనం తరువాత, కృప ప్రకటించిన తరువాత, ఒక్క వాక్యంలో ఉంది, విడవనని నిశ్చయించుకున్నవానికి మాత్రమే తగిలేలా ఉంది. పడి లేస్తున్నవానికి, నిశ్చయించుకుని కూర్చున్నవానికి మధ్య తేడా చెప్పకపోతే, మొదటివాడే హెచ్చరికను తీసుకుని రెండోవాడు రొట్టె తీసుకుంటాడు. దీన్ని పరీక్షించే దారి ఒకటుంది. మీ కాగితాన్ని రెండుసార్లు చదవండి, మొదటిసారి మీకు తెలిసిన అతి సున్నితమైన మనిషి చెవితో, రెండోసారి అతి మొండి మనిషి చెవితో. మొదటివారికి రావడానికి ధైర్యం చాలకపోతే కృప తక్కువైంది. రెండోవారికి గుచ్చుకున్నది ఏమీ లేకపోతే ప్రశ్నలు మెత్తబడ్డాయి.

ఇంకో లోపం చివరి వాక్యంలో జరుగుతుంది. అందరూ ఒక్కసారే తిందామని చెప్పి, వెనక వరుసకు పళ్లెం చేరకముందే ముందున్నవారు తినేస్తే, చెప్పిన ధ్యానమంతా ఆ ఒక్క క్షణంలో అబద్ధమవుతుంది. పళ్లేలు అందించేవారితో ఆరాధనకు ముందే మాట్లాడి, చివరి వరుస ముగిసిందన్న సైగ ఎవరివ్వాలో తేల్చుకోండి. పసిపిల్లల గదిలో ఉన్న తల్లులను, గేటు దగ్గర ఉన్నవారిని, వాద్యాల దగ్గర ఉన్నవారిని కూడా లెక్కలో పెట్టుకోండి. కొరింథులో మరిచిపోయింది సరిగ్గా అలాంటివారినే. ఒకే పాత్రను చేతులు మార్చుకుంటూ త్రాగే సంఘంలో అందరూ ఒక్కసారే అనడం కుదరదు. అక్కడ చివరివారు త్రాగేవరకు ఎవరూ లేవకుండా ఉండడమే కనిపెట్టుకోవడం.

మాటల తీరు గురించి ఒక్క సంగతి. బల్ల దగ్గర గొంతు పెంచడం, ఏడుపు గొంతు పెట్టడం రెండూ వినేవారి చూపును మీ వైపే లాగుతాయి. భక్తిభయాలు కావాలంటే నెమ్మదిగా చదవండి, రొట్టెను తొందరపడకుండా అందరికీ కనబడేలా ఎత్తండి, విరిచేటప్పుడు మాట్లాడకండి. గది నిశ్శబ్దంగా ఉంటే రొట్టె విరిగే చప్పుడు మూడు నాలుగు వరుసల దాకా వినబడుతుంది.

ఆ తరువాతి వారం

పళ్లేన్ని ముట్టకుండా పంపినవారు ఎవరో అందించిన పెద్దలకు తెలిసే ఉంటుంది. ఆ పేర్లను ఎవరితోనూ చర్చించకుండా, మూడు నాలుగు రోజులలో ఒకరు వెళ్లి కలవాలి. ఎందుకు తీసుకోలేదని మొదలుపెడితే విచారణలా ఉంటుంది. "ఆదివారం మీరు బల్లలో పాలుపొందలేదని గమనించాను, మీతో కలిసి ప్రార్థించాలని వచ్చాను" అంటే చాలు, మిగిలింది వారే చెబుతారు. ఒక్కోసారి కారణం చాలా చిన్నదై ఉంటుంది, జలుబు చేసి మానుకున్నామనో, గోధుమ పడదనో అంటారు. ఒక్కోసారి ఏళ్లనాటి భారం బయటికి వస్తుంది.

నేను ఆ వృద్ధురాలి ఇంటికి వెళ్లినప్పుడు, తలుపు దగ్గరే ఆమె అడిగిన ప్రశ్న ఇది: "నలభై ఏళ్ల క్రితం మా అక్కతో ఒక మాట అన్నాను. ఆమె ఇప్పుడు లేదు. ఎవరి దగ్గరికి వెళ్లి సమాధానపడమంటారు?" నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. లోపల కూర్చున్నాక రోమా పత్రిక నుండి ఆ "శక్యమైతే" అన్న వచనాన్ని ఇద్దరం కలిసి చదువుకున్నాము. తరువాతి బల్లనాడు పళ్లెం మూడో వరుసకు చేరినప్పుడు నేను అటు చూడలేదు. అందించిన పెద్ద తరువాత చెప్పాడు, ఆమె తీసుకున్నారని.